వైఫై కనెక్ట్ అయింది, జీమెయిల్ మాత్రం ఎర్ర బొమ్మ చూపిస్తోంది: క్యాప్టివ్ పోర్టల్ అసలు ఏం చేస్తుంది?

బెంగళూరు మారతహళ్లి పీజీల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే మెసేజ్ ఇది: "అన్నా, వైఫై ఫుల్ సిగ్నల్ ఉంది కానీ నెట్ రావట్లేదు. జీమెయిల్ తెరిస్తే Your connection is not private అంటోంది. ఎవరైనా హ్యాక్ చేశారా?" ఓనర్ నుంచో, అప్పటికే అనుభవం ఉన్న రూమ్మేట్ నుంచో జవాబు కూడా తయారుగానే ఉంటుంది: "హ్యాక్ లేదు ఏం లేదు తమ్ముడూ, లాగిన్ అయిపోయుంటది. మళ్లీ నంబర్ కొట్టి ఓటీపీ వెయ్యి."

జవాబు సరైనదే. కానీ అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. లాగిన్ కావాలంటే లాగిన్ పేజీ రావాలి కదా, సెక్యూరిటీ హెచ్చరిక ఎందుకు వచ్చింది? కొన్ని సైట్లకు ఆ హెచ్చరికను దాటి వెళ్లే లింకు ఉంటుంది, జీమెయిల్‌కు ఎందుకు ఉండదు? పక్క మంచం వాడి ఫోన్‌లో లాగిన్ పేజీ తనంతట తానే ఎలా తెరుచుకుంది? మెజెస్టిక్ రైల్వే స్టేషన్‌లో, ఎయిర్‌పోర్టులో, కాఫీ షాపులో, పీజీలో ఎక్కడైనా జరిగేది ఒకటే. పీజీనే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చూద్దాం.

## కనెక్ట్ అవడం వేరు, బయటికి దారి దొరకడం వేరు

నాలుగు అంతస్తుల పీజీ. అంతస్తుకో యాక్సెస్ పాయింట్, అంటే గోడకో సీలింగుకో బిగించిన తెల్ల డబ్బా. అన్నిటి తీగలూ కింద ఓనర్ గదిలోని ఒక గేట్‌వే పెట్టెకు చేరతాయి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ లైను వచ్చేది కూడా అక్కడికే. ఎవరిని బయటికి వదలాలో, ఎవరిని ఆపాలో తేల్చేది ఆ పెట్టే.

మీరు వైఫై పేరు మీద నొక్కగానే ఫోన్ యాక్సెస్ పాయింట్‌తో జతపడుతుంది. తర్వాత నెట్‌వర్క్‌ను ఒక చిరునామా అడుగుతుంది. దీన్ని డీహెచ్‌సీపీ అంటారు. గేట్‌వే మూడు విషయాలు చెబుతుంది: నీ ఐపీ 10.5.50.37, బయటికి వెళ్లే దారి 10.5.50.1, పేర్లకు చిరునామాలు అడగాల్సింది కూడా 10.5.50.1నే. ఇంతవరకూ జరిగితే చాలు, ఫోన్ మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. ఆ గీతలు చెప్పేది మీకూ సీలింగు డబ్బాకూ మధ్య రేడియో ఎంత బాగుందో మాత్రమే. గేట్‌వే దాటి బయటికి వెళ్లగలరా లేదా అన్నది వాటికి తెలియదు.

గేట్‌వే దగ్గర ఒక పట్టిక ఉంటుంది. లాగిన్ అయిన పరికరాల మ్యాక్ అడ్రసులు, ఎవరి గడువు ఎప్పటివరకు ఉందో అందులో రాసుకుంటుంది. మ్యాక్ అడ్రస్ అంటే వైఫైలో మీ ఫోన్‌ను గుర్తించే నంబరు. ఆ పట్టికలో లేని ఫోన్ నుంచి ఏ ప్యాకెట్ వచ్చినా దానికి రెండే గతులు: పారేయడం, లేదా దారి మళ్లించి లాగిన్ పేజీకి పంపడం. ఆ దారి మళ్లించే ఏర్పాటునే క్యాప్టివ్ పోర్టల్ అంటారు. లాగిన్‌కు ముందే వెళ్లనివ్వాల్సిన చోట్లు కొన్ని ఉంటాయి. లాగిన్ పేజీ ఉన్న సర్వర్, డబ్బు కట్టాల్సి వస్తే పేమెంట్ సైటు, అలాంటివి. వాటికి ఒక మినహాయింపు జాబితా ఉంటుంది. ఓటీపీ ఎస్ఎంఎస్ మాత్రం మొబైల్ నెట్‌వర్క్ మీద వస్తుంది కాబట్టి దానికి ఈ జాబితాతో పని లేదు.

## ఫోన్ అడిగే చిన్న ప్రశ్న

లాగిన్ పేజీ దానంతట అదే తెరుచుకున్నప్పుడు వైఫై దాన్ని మన ఫోన్‌లోకి తోసిందనుకుంటాం. నిజానికి దాన్ని తెరిచేది ఫోనే. ఐపీ దొరికిన మరుక్షణం ఫోన్ మనకు కనిపించకుండా ఒక ప్రశ్న వేస్తుంది. దానికి రావాల్సిన జవాబు ఏమిటో ముందే దానికి తెలుసు.

ఆండ్రాయిడ్ సాధారణంగా `http://connectivitycheck.gstatic.com/generate_204` అనే చిరునామాను అడుగుతుంది. నిజమైన సర్వర్ నుంచి వచ్చే జవాబు 204, అంటే "అందింది, చూపించడానికి ఏమీ లేదు" అని. ఐఫోన్ `http://captive.apple.com/hotspot-detect.html` అడుగుతుంది, అందులో `Success` అనే మాట ఉండాలి. విండోస్ `http://www.msftconnecttest.com/connecttest.txt` తెరిచి `Microsoft Connect Test` అన్న వాక్యం కోసం చూస్తుంది. ఫైర్‌ఫాక్స్‌కు సొంతంగా ఇలాంటి పరీక్షే ఒకటి ఉంది.

ఇవన్నీ `https` కాదు, `http` అని గమనించండి. ఎవరూ మర్చిపోయి అలా వదిలేయలేదు. మధ్యలో ఎవరైనా జవాబు మార్చగలిగేలా కావాలనే తెరిచిపెట్టిన ప్రశ్న ఇది. జవాబు మారి వస్తే "మధ్యలో ఎవరో ఉన్నారు, లాగిన్ కావాలి" అని ఫోన్‌కు అర్థమవుతుంది. వెంటనే ఆండ్రాయిడ్ `Sign in to Wi-Fi network` అని నోటిఫికేషన్ చూపిస్తుంది, ఐఫోన్ ఒక చిన్న కిటికీ తెరుస్తుంది, విండోస్ మీ బ్రౌజర్‌లో పేజీ తెరుస్తుంది.

పక్క మంచం వాడికి పేజీ వచ్చి మీకు రాకపోవడానికి కారణం కూడా తరచూ ఈ ప్రశ్న దగ్గరే ఉంటుంది. ఫోన్ ఆ పరీక్షను వైఫైలో చేరినప్పుడు తప్పకుండా చేస్తుంది. ఆ తర్వాత ప్రతి నిమిషం చేస్తూ కూర్చోదు. రాత్రి మీరు వీడియో చూస్తుండగా గడువు అయిపోతే, తాను పట్టికలోంచి జారిపోయిన సంగతి ఫోన్‌కు కాసేపటి వరకూ తెలియదు. ఆ మధ్యలో మీరు జీమెయిల్ తెరిచారంటే కనిపించేది ఎర్ర హెచ్చరికే. వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే పేజీ రావడంలో మాయ ఏమీ లేదు. ఫోన్ ఆ ప్రశ్నను మళ్లీ అడుగుతుంది, అంతే.

## దారి మళ్లించడం అంటే ఏమిటి

లాగిన్ కాని ల్యాప్‌టాప్ నుంచి అదే ప్రశ్నను మన చేత్తో అడిగి చూస్తే జరిగేది కళ్లకు కడుతుంది.

```
curl -i http://connectivitycheck.gstatic.com/generate_204

HTTP/1.1 302 Found
Location: http://10.5.50.1/login
```

మనం అడిగింది గూగుల్ సర్వర్‌ను. జవాబు చెప్పింది ఓనర్ గదిలోని పెట్టె. 302 అంటే "నువ్వు అడిగింది ప్రస్తుతానికి వేరే చోట ఉంది, అక్కడికి వెళ్లు" అని. ఆ వేరే చోటు లాగిన్ పేజీ. లాగిన్ అయ్యాక అదే కమాండ్ ఇస్తే `HTTP/1.1 204 No Content` వస్తుంది.

పెట్టె ఈ పని రెండు రకాలుగా చేయగలదు. మొదటిది పేరు దగ్గరే మాయ చేయడం. మీరు ఏ సైటు పేరు అడిగినా "దాని చిరునామా 10.5.50.1" అని చెప్పేస్తుంది. దీన్ని డీఎన్ఎస్ హైజాక్ అంటారు. రెండోది పేరుకు నిజమైన చిరునామానే ఇచ్చి, మీ ప్యాకెట్ బయటికి పోతున్నప్పుడు పట్టుకోవడం. హెచ్‌టీటీపీ వాడుకునే 80వ పోర్టుకు పోయే కనెక్షన్‌ను తనవైపు తిప్పుకుని, అవతలి సర్వర్ ఐపీ తనదే అన్నట్టు బదులిస్తుంది. మీ ల్యాప్‌టాప్ ఆ జవాబు మీద పంపినవారి చిరునామా చూస్తే అది అసలు సర్వర్‌దే. తేడా తెలుసుకునే దారి దానికి లేదు.

ఉత్త హెచ్‌టీటీపీలో ఇది సాఫీగా సాగిపోతుంది, ఎందుకంటే అక్కడ "నువ్వు నిజంగా ఫలానా సైటువేనా?" అని అడిగే ఏర్పాటే లేదు. ఎవరు ముందు జవాబిస్తే వాళ్లదే మాట. సైట్లన్నీ హెచ్‌టీటీపీ మీద నడిచిన రోజుల్లో పుట్టిన పద్ధతి ఇది. అప్పట్లో బ్రౌజర్‌లో ఏ పేరు కొట్టినా లాగిన్ పేజీ వచ్చేది. "ఏదో ఒక సైటు తెరువు, లాగిన్ వస్తది" అనే సలహా ఆ కాలంది. క్రోమ్ 2021లో 90వ వెర్షన్ నుంచి, మనం ముందు ఏమీ తగిలించకుండా పేరు కొడితే `https://`నే మొదట ప్రయత్నిస్తోంది. దాంతో ఆ సలహా సగం చెల్లకుండా పోయింది.

## 443వ పోర్టు దగ్గర ఏం తేడా వస్తుంది

హెచ్‌టీటీపీఎస్ వాడుకునేది 443వ పోర్టును. ఇక్కడ పేజీ అడగడానికి ముందే రెండు వైపులా ఒక పరిచయం జరగాలి. దీన్ని టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ అంటారు. బ్రౌజర్ "నాకు mail.google.com కావాలి" అని మొదలుపెడుతుంది. అవతలివాడు ఆ పేరు మీద జారీ అయిన సర్టిఫికెట్ చూపించాలి. దాని మీద సంతకం బ్రౌజర్ నమ్మే సంస్థది అయివుండాలి. ఆ సర్టిఫికెట్‌కు జత అయిన రహస్య తాళంచెవి తన దగ్గర ఉందని కూడా రుజువు చేయాలి. ఇవన్నీ తేలాకే బ్రౌజర్ పేజీ అడుగుతుంది.

గేట్‌వే ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే. "లాగిన్ పేజీకి వెళ్లు" అని చెప్పే 302 కూడా ఒక హెచ్‌టీటీపీ జవాబే. హెచ్‌టీటీపీఎస్‌లో ఆ జవాబు హ్యాండ్‌షేక్ పూర్తయ్యాక, ఎన్‌క్రిప్షన్ లోపలే రావాలి. బయట నిలబడి ఆ మాట చెప్పే వీలు లేదు. లోపలికి రావాలంటే గూగుల్ పేరు మీద సర్టిఫికెట్ ఉండాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మీ స్నేహితుడి ఫ్లాట్‌కు ఇంటర్‌కమ్ కొట్టకుండా తనే ఆ స్నేహితుడి గొంతుతో "ముందు రిజిస్టర్‌లో సంతకం పెట్టి రా" అన్నట్టుంటుంది ఇది. గొంతు గుర్తుపట్టేవాడు ఆగిపోతాడు.

కాబట్టి గేట్‌వే ముందు ఉన్నవి మూడు దారులే, మూడింటికీ ఏదో ఒక లోటు ఉంది. 443కు వచ్చిన ప్యాకెట్లను చప్పుడు చేయకుండా పారేస్తే, బ్రౌజర్ తిరిగీ తిరిగీ చివరికి `ERR_CONNECTION_TIMED_OUT` చూపిస్తుంది. మనిషికి "నెట్ స్లో" అనిపిస్తుంది. పారేయకుండా వెంటనే కనెక్షన్ తెంపేస్తే `ERR_CONNECTION_RESET` వస్తుంది. కనీసం త్వరగా తేలుతుంది. ఇక మూడోది, తన దగ్గర ఉన్న సర్టిఫికెట్‌నే చూపించి హ్యాండ్‌షేక్‌కు దిగడం. దాని మీద ఉన్నది పోర్టల్ పేరు, మీరు అడిగింది జీమెయిల్. క్రోమ్ `NET::ERR_CERT_COMMON_NAME_INVALID` అంటుంది. ఆ సర్టిఫికెట్ పెట్టె తనకు తానే సంతకం చేసుకున్నదైతే `NET::ERR_CERT_AUTHORITY_INVALID` వస్తుంది. వాట్సాప్ గ్రూపును భయపెట్టే ఎర్ర బొమ్మ ఈ మూడో దారిది.

నా దృష్టిలో మూడింటిలో చెడ్డది ఇదే. పోర్టల్ పనిచేయకపోయినా ఫర్వాలేదు. ఇక్కడ జరిగేది ఏమిటంటే, అసలైన దాడికీ లాగిన్ గడువు ముగియడానికీ తెర మీద ఒకే బొమ్మ వస్తుంది. వారానికోసారి ఆ బొమ్మ చూసి "ఓ, వైఫై లాగిన్ పోయింది" అనుకోవడం అలవాటైనవాడికి, నిజంగా ఎవరో మధ్యలో దూరిన రోజు కూడా అదే అనిపిస్తుంది.

బ్రౌజర్లు ఈ గందరగోళాన్ని కొంత తగ్గించాయి. సర్టిఫికెట్ తేడా కనబడగానే క్రోమ్ వెనకాల పైన చెప్పిన 204 ప్రశ్న లాంటిది అడిగి చూస్తుంది. జవాబు మారి వస్తే ఎర్ర హెచ్చరిక బదులు `Connect to Wi-Fi` అనే పేజీ, ఒక బటన్ చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ పైన ఒక పట్టీలో `Open Network Login Page` అని పెడుతుంది. యాప్‌లలో ఈ తెలివి ఉండదు. బ్యాంకు యాప్ తన సర్వర్ సర్టిఫికెట్ తప్ప ఇంకేదీ ఒప్పుకోకుండా రాసి ఉండొచ్చు. అప్పుడు కారణం చెప్పకుండా "సాంకేతిక సమస్య, తర్వాత ప్రయత్నించండి" అని ఊరుకుంటుంది.

## దాటే లింకు కొన్నిటికి ఉండి, కొన్నిటికి ఎందుకు లేదు

ఓ చిన్న కాలేజీ సైటు తెరిచారనుకుందాం. హెచ్చరికలో `Advanced` నొక్కితే `Proceed to ... (unsafe)` అని లింకు కనిపిస్తుంది. జీమెయిల్‌కు ఆ లింకే లేదు. తేడా హెచ్‌ఎస్‌టీఎస్ దగ్గర ఉంది. ఇది 2012 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6797 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన నియమం. సైటు తన జవాబుతో పాటు ఇలాంటి ఒక వరుస పంపుతుంది:

```
Strict-Transport-Security: max-age=31536000; includeSubDomains
```

అర్థం ఇది: వచ్చే 3,15,36,000 సెకన్లు, అంటే ఏడాది పాటు, నన్ను హెచ్‌టీటీపీఎస్ మీదే అడుగు, సర్టిఫికెట్‌లో తేడా వస్తే వినియోగదారుడికి దాటిపోయే అవకాశం ఇవ్వకు. బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని సైట్ల పేర్లయితే బ్రౌజర్‌తో పాటే జాబితాగా వస్తాయి, ఒక్కసారి కూడా తెరవకపోయినా వాటికి నియమం వర్తిస్తుంది. ఇలాంటి సైటు పేరు ముందు మీరు చేత్తో `http://` కొట్టినా ప్రయోజనం లేదు. ప్యాకెట్ బయటికి పోకముందే బ్రౌజర్ దాన్ని `https://`గా మార్చేస్తుంది. గేట్‌వే పట్టుకోవడానికి 80వ పోర్టు మీద ఏదీ దొరకదు.

లింకు ఉన్న సైట్లలో దాన్ని నొక్కితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండటం మంచిది. లాగిన్ పేజీ వస్తుంది, నిజమే. కానీ ఆ లింకు నొక్కడమంటే గేట్‌వేను ఆ కాలేజీ సైటుగా ఒప్పుకోవడమే. మీరు ఆ సైటులో ముందే లాగిన్ అయి ఉంటే, గుర్తింపు కుకీలను బ్రౌజర్ ఆ అడిగే మాటతో పాటే గేట్‌వేకు అప్పగిస్తుంది. గేట్‌వే మంచిదైతే పట్టించుకోదు. దాని పేరుతో పక్కన ఎవరో పెట్టిన నకిలీ యాక్సెస్ పాయింట్ అయితే ఆ కుకీ ఒక్కటే మీ ఖాతా తలుపు తీయడానికి సరిపోవచ్చు. హెచ్‌ఎస్‌టీఎస్ లింకును తీసేయడం మొండితనంలా కనిపిస్తుంది కానీ అది ఆపుతున్నది ఈ అప్పగింతనే.

లాగిన్ పేజీ రప్పించడానికి `http://neverssl.com` లాంటి చిరునామా చెప్పడం వెనక ఉన్న తర్కం కూడా ఇదే. ఆ సైటు కావాలనే హెచ్‌టీటీపీ మీదే ఉంది, అక్కడ పోగొట్టుకోవడానికి కుకీ లేదు, అడ్డుకునే హెచ్‌ఎస్‌టీఎస్ లేదు. ముందు `http://` తప్పనిసరిగా కొట్టాలి.

## లాగిన్ అయ్యాక కూడా కొన్ని సైట్లు రాకపోతే

ఓటీపీ కొట్టారు, "మీరు కనెక్ట్ అయ్యారు" అని పేజీ వచ్చింది. వాట్సాప్ నడుస్తోంది. ఒక్క సైటు మాత్రం ఇంకా పోర్టల్‌కే పోతోంది. ఇది ఎక్కువగా డీఎన్ఎస్ హైజాక్ చేసే పెట్టెల దగ్గర కనబడుతుంది. లాగిన్‌కు ముందు మీరు ఆ సైటు పేరు అడిగారు, పెట్టె "10.5.50.1" అని చెప్పింది. ఆ జవాబుకు ఎంతసేపు చెల్లుబాటో కూడా దానితోనే వస్తుంది. పెట్టె సున్నానో కొన్ని సెకన్లో పెట్టి ఉంటే ఇబ్బంది లేదు. గంట పెట్టి ఉంటే ఆ గంటా మీ ల్యాప్‌టాప్ అబద్ధపు చిరునామానే పట్టుకుని తిరుగుతుంది. మిగతా సైట్లు బాగుండి, లాగిన్‌కు ముందు తెరవబోయిన సైటు ఒక్కటే మొరాయిస్తే అనుమానించాల్సింది దీన్నే. 302 బదులు 301, అంటే "శాశ్వతంగా మారింది" అని పంపే పెట్టె కూడా ఇలాంటి తంటానే తెస్తుంది. అప్పుడు ఆ మాటను దాచుకునేది బ్రౌజర్. ఇంటికి వెళ్లి వేరే వైఫై మీద తెరిచినా పీజీ లాగిన్ పేజీ చిరునామాకే పోతుంది.

ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్ మరో చిక్కు. సెట్టింగ్స్‌లో ఒక డీఎన్ఎస్ సర్వర్ పేరు చేత్తో రాసి పెట్టుకుంటే, పేర్ల ప్రశ్నలన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, సాధారణంగా 853వ పోర్టు మీద పోవాలి, మామూలు డీఎన్ఎస్‌కు దిగివచ్చే దారి లేదు. లాగిన్ అయ్యాక కూడా 853ను మూసి ఉంచే నెట్‌వర్కులు ఉన్నాయి. ఫోన్ `Private DNS server cannot be accessed` అంటుంది, ఒక్క సైటూ తెరుచుకోదు. అదే సెట్టింగ్ ఆటోమేటిక్‌లో ఉంటే 853 కుదరనప్పుడు ఫోన్ మామూలు డీఎన్ఎస్‌కు దిగివస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టిన వీపీఎన్ కథా ఇంతే. వీపీఎన్ లేనిదే ఏదీ బయటికి పోనివ్వదు, లాగిన్ కానిదే గేట్‌వే వీపీఎన్‌ను పోనివ్వదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు.

ఇక "నిన్ననే లాగిన్ అయ్యా, మళ్లీ అడుగుతోంది" అన్న ఫిర్యాదు. గేట్‌వే మిమ్మల్ని గుర్తుపెట్టుకునేది మ్యాక్ అడ్రస్‌తో. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు నంబరు దాచి ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత నంబరు చూపిస్తున్నాయి. మామూలుగా ఒక వైఫైకి అదే నంబరు నిలకడగా ఉంటుంది. ఐఓఎస్ 18లో మాత్రం దాన్ని మారుస్తూ ఉండే ఎంపిక కూడా వచ్చింది. నంబరు మారితే పట్టిక దృష్టిలో మీరు కొత్త మనిషి. ఒక్కొక్కరికి రెండు పరికరాలే అని పరిమితి పెట్టిన పీజీలో అయితే మీ ఫోన్ పాత అవతారం ఒకటి, కొత్త అవతారం ఒకటి లెక్కకొచ్చి, ల్యాప్‌టాప్‌కు చోటు ఉండదు.

## గడువు ముగిసిందా, నిజంగా ఎవరైనా దూరారా?

హెచ్చరిక వచ్చిన పేజీలో సర్టిఫికెట్ వివరాలు తెరిస్తే, అది ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. అక్కడ పోర్టల్ కంపెనీ పేరో గేట్‌వే చిరునామానో ఉండి, ఒక హెచ్‌టీటీపీ చిరునామా తెరిస్తే లాగిన్ పేజీ వచ్చి, లాగిన్ తర్వాత అదే సైటు ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకుంటే, అది మామూలు పోర్టల్ వ్యవహారమే. లాగిన్ అయి, మిగతా నెట్ అంతా బాగుండి, ఒక బ్యాంకు సైటుకో మెయిల్‌కో మాత్రం హెచ్చరిక కొనసాగితే పోర్టల్‌తో దాన్ని సర్దిచెప్పడం కుదరదు. లాగిన్ పేజీ ఏదైనా సర్టిఫికెట్ ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోమంటే అది పూర్తిగా వేరే కథ. ఉత్త లాగిన్‌కు దాని అవసరం ఎంతమాత్రం లేదు. దాన్ని నమ్మిన ఫోన్‌లో, చాలా సైట్లను ఏ ఎర్ర బొమ్మా రాకుండానే మధ్యలో విప్పి చదవవచ్చు.

ఇంకో అపోహ: ఓటీపీ కొట్టి లాగిన్ అయితే వైఫై భద్రమైపోతుందని. పాస్‌వర్డ్ లేని ఓపెన్ వైఫైలో గాలిలో పోయే ప్యాకెట్లు లాగిన్‌కు ముందూ తర్వాతా ఒకే తీరుగా ఉంటాయి. ఓటీపీ తెరిచింది గేట్‌వే తలుపును మాత్రమే. సంభాషణకు రక్షణ ఇస్తున్నది, పోర్టల్‌తో గొడవ పడుతున్న ఆ హెచ్‌టీటీపీఎస్సే.

## ఇంత తంటా ఉంటే అసలు ఎందుకు పెడతారు?

పీజీ ఓనర్‌ను అడిగితే ఆయన వాదన ఆయనకుంది. ఆ లైను ఆయన పేరు మీద ఉంది. రేపు ఎవరో ఆ లైను మీద ఏదైనా తప్పుడు పని చేస్తే పోలీసులు ముందు వచ్చేది ఆయన దగ్గరికే. ఫోన్ నంబరుకు ముడిపెట్టిన లాగిన్ ఉంటే ఏ సమయంలో ఏ పరికరం ఎవరిదో చెప్పగలడు. గది ఖాళీ చేసినవాళ్లను తీసేయగలడు, ఒక్కడే లైను మొత్తం లాగేయకుండా హద్దు పెట్టగలడు. అందరికీ ఒకే వైఫై పాస్‌వర్డ్ ఇస్తే ఇవేవీ కుదరవు. ఆ పాస్‌వర్డ్ పక్క పీజీకి చేరడానికి రెండు రోజులు చాలు.

భద్రత వైపు ఉన్నవాళ్ల వాదన కూడా కొట్టిపారేయలేనిది. ఒకరి పేరుతో మరొకరు జవాబివ్వడం మీద కట్టిన ఏర్పాటు ఇది. దీన్ని ఆపడానికే హెచ్‌టీటీపీఎస్ వచ్చింది. పైగా ఫోన్ నంబర్లు ఎవరి దగ్గర పోగవుతున్నాయో లాగిన్ కొట్టేవాడికి తెలియదు. ఒక్కొక్కరికి విడి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి వైఫై స్థాయిలోనే గుర్తించే ఎంటర్‌ప్రైజ్ పద్ధతి ఉంది కదా అని వాళ్లంటారు. అది నిజమే. దానివల్ల ఎన్‌క్రిప్షనూ వస్తుంది, దొంగ మళ్లింపూ అక్కర్లేదు. కానీ ఒక గంట కూర్చుని వెళ్లే కాఫీ షాపు కస్టమర్‌కు, స్టేషన్‌లో తిరుపతి రైలు కోసం చూసే ప్రయాణికుడికి ముందే పేరు, పాస్‌వర్డ్ ఇచ్చేదెవరు? పీజీకి ఎంటర్‌ప్రైజ్ పద్ధతి నప్పుతుంది, రైల్వే స్టేషన్‌కు అంత తేలిగ్గా నప్పదు. నాకు రెండు వాదనల్లోనూ న్యాయం కనిపిస్తుంది, అయితే చోటు చూసి తేల్చుకోవాల్సిన న్యాయం.

## అబద్ధం ఆడకుండా లాగిన్ అడిగే దారి

మొదటి ప్రయత్నం 2012 ఏప్రిల్‌లో వచ్చింది. హెచ్‌టీటీపీ జవాబుల్లో 511 అనే కొత్త కోడ్ చేర్చారు, "నెట్‌వర్క్‌లో లాగిన్ కావాలి" అని దాని అర్థం. కనీసం పోర్టల్ జవాబును అసలు సైటు జవాబుగా ప్రోగ్రాములు పొరబడకుండా ఉంటాయి. కానీ అదీ హెచ్‌టీటీపీ జవాబే. టీఎల్ఎస్ గోడ దగ్గర 302కు పట్టిన గతే దానికీ పట్టింది.

అసలు పరిష్కారం ప్యాకెట్లను పట్టుకోవడం మానేసి, ముందే చెప్పేయడం. ఫోన్‌కు ఐపీ ఇచ్చేటప్పుడే, ఆ డీహెచ్‌సీపీ జవాబులో 114వ ఐచ్ఛికంగా ఒక చిరునామా పెడతారు. దీన్ని 2020 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 8910గా స్థిరపరిచారు. ఫోన్ ఆ చిరునామాను హెచ్‌టీటీపీఎస్ మీద అడుగుతుంది. దానికొచ్చే జవాబు రూపం ఆర్‌ఎఫ్‌సీ 8908లో ఉంది:

```
{
  "captive": true,
  "user-portal-url": "https://portal.example.org/login"
}
```

"లాగిన్ కావాలి, ఇదిగో పేజీ" అని నేరుగా చెప్పడం. గూగుల్ పేరుతో ఎవరూ మాట్లాడలేదు, సర్టిఫికెట్ గొడవ రాలేదు. లాగిన్ అయ్యాక అదే చిరునామా `captive` విలువను `false` చేసి, కావాలంటే `seconds-remaining` అని గడువులో ఎన్ని సెకన్లు మిగిలాయో కూడా చెబుతుంది. గడువు రాత్రి అయిపోయి ఫోన్‌కు తెలియకపోవడమనే మన మొదటి సమస్యకు మందు ఇదే. ఆండ్రాయిడ్ 11, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లకు ఈ భాష వచ్చు.

రావాల్సింది పెట్టెల వైపు నుంచి. ఈ జవాబు హెచ్‌టీటీపీఎస్ మీదే ఇవ్వాలి కాబట్టి పోర్టల్‌కు ఒక నిజమైన డొమైన్ పేరు, దాని మీద బ్రౌజర్లు నమ్మే సర్టిఫికెట్ ఉండాలి, గడువు తీరకముందే దాన్ని కొత్తది చేస్తూ ఉండాలి. `http://10.5.50.1/login` అనే ఉత్త ఐపీ చిరునామాతో నడిచిపోతున్న పీజీ పెట్టెకు ఇవేవీ లేవు. లాగిన్‌కు ముందు ఫోన్ ఆ సర్టిఫికెట్ రద్దయిందా లేదా అని ఆరా తీసే సర్వర్లను కూడా మినహాయింపు జాబితాలో పెట్టాలి, లేకపోతే ఆ పరీక్ష దగ్గరే ఆగిపోవచ్చు. 114 తెలియని పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఇంకా ఉన్నాయి కాబట్టి 80వ పోర్టు మళ్లింపును కూడా పక్కన ఉంచుకోక తప్పదు. 443 మీద మాత్రం ఆ పెట్టె సొంత సర్టిఫికెట్ చూపించడం ఈ రోజే ఆపేయొచ్చు. చాలా గేట్‌వేలలో అది సెట్టింగ్స్‌లో ఒక్క టిక్కు, దానికి కొత్త పెట్టె కొననక్కర్లేదు.